లైసెన్స్ పరీక్షలో లోడు ప్రశ్నలు: ఎంత బరువు, ఎంత పొడవు, ఎంతమంది

ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షకు వచ్చేవాళ్లు బోర్డు గుర్తులు బాగానే బట్టీ పట్టి వస్తారు. లోడు గురించి అడిగినప్పుడు మాత్రం రోజూ రోడ్డు మీద చూసేది గుర్తుకొచ్చి తప్పు బటన్ నొక్కేస్తారు. ట్రాలీ వెనక ఎర్ర గుడ్డ కట్టిన సలాకలు, డీసీఎంలో పెళ్లివాళ్లు, స్కూటీ మీద ముగ్గురు మనకు ఎంత మామూలంటే, అవి తప్పని తెలిసినా ‘కొంచెం ఫరవాలేదు’ అన్న జవాబే సరైనదనిపిస్తుంది. పాసవడానికి అరవై శాతం సరైన జవాబులు కావాలి. అంచున ఉన్నవాళ్లకు ఈ ఒకటి రెండు ప్రశ్నలే తేడా చేస్తాయి. ఏఎంవీఐ, అంటే అసిస్టెంట్ మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ లాంటి ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లకైతే ఇవే నిబంధనలు అంకెలతో సహా కావాలి.

ముందు ఆర్‌సీ తీసి పక్కన పెట్టుకోండి

ఏదైనా గూడ్సు బండి ఆర్‌సీ దొరికితే అందులో మూడు గడులు వెతకండి. ఒకటి అన్‌లాడెన్ వెయిట్, అంటే ఖాళీ బండి బరువు. రెండోది గ్రాస్ వెహికల్ వెయిట్. కొన్ని ఆర్‌సీల్లో దీన్నే లాడెన్ వెయిట్ అని రాస్తారు. మూడోది సీటింగ్ కెపాసిటీ.

పరీక్షలో ‘గూడ్సు బండిలో ఎంత బరువు వేయవచ్చు?’ అని అడిగి, పది టన్నులు, పరిమితి లేదు, అనుమతించిన మేరకు అని మూడు జవాబులిస్తే సరైనది మూడోది. అన్ని బండ్లకూ కలిపి ఒకే అంకె ఉండదు. ఆ బండి ఆర్‌సీలో ఏముందో అదే దాని హద్దు. ‘ప్రైవేటు వాహనంలో ఎంతమంది ఎక్కవచ్చో ఎక్కడ రాసి ఉంటుంది?’ అన్న ప్రశ్నకూ ఇదే తీరు. జవాబు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. ట్యాక్స్ కాగితం కాదు, ఇన్సూరెన్సు కాదు.

బరువు లెక్క చేసి చూడండి

గ్రాస్ వెయిట్ అంటే సరుకు బరువు అనుకోవడం ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు. అది బండి, సరుకు, అందులోని మనుషులు అన్నీ కలిపి రోడ్డు మీద ఉండదగ్గ మొత్తం బరువు. ఖాళీ బండి బరువులో డ్రైవరును, క్లీనరును లెక్కించరని చట్టంలోని నిర్వచనమే చెబుతోంది. అంటే కాటా మీదికి ఎక్కాక వాళ్ల బరువు కూడా లోడు ఖాతాలోకే వస్తుంది.

ఆరు చక్రాల లారీతో ఒక లెక్క చేద్దాం. రెండు ఇరుసులున్న ఇలాంటి లారీకి 16.2 టన్నులుగా ఉన్న గ్రాస్ వెయిట్ పరిమితిని కేంద్రం 2018లో 18.5 టన్నులకు పెంచింది. మన లారీ ఆర్‌సీలో గ్రాస్ వెయిట్ 18,500 కిలోలు, ఖాళీ బరువు 6,500 కిలోలు ఉన్నాయనుకోండి. తేడా 12,000 కిలోలు. డ్రైవరు, క్లీనరు కలిపి 150 కిలోలు తీసేస్తే 11,850 మిగులుతుంది. యాభై కిలోల సిమెంటు బస్తాలైతే 237. అంతకు మించి ఒక్క బస్తా ఎక్కినా ఓవర్‌లోడే.

ఇప్పుడు అదే లారీలో 297 బస్తాలు వేశారు. బస్తాలు 14,850, బండి 6,500, మనుషులు 150, కాటా చీటీ మీద మొత్తం 21,500 కిలోలు. ఆర్‌సీ కంటే సరిగ్గా మూడు టన్నులు ఎక్కువ. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షను ప్రకారం దీనికి 20,000 రూపాయలు, దాని పైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000 చొప్పున 6,000, అంతా కలిపి 26,000. అదనపు సరుకు దింపే ఖర్చు వేరుగా కట్టాలి. అరవై బస్తాలు దింపేదాకా బండి కదలనివ్వరు. ‘జరిమానా కట్టి అదే లోడుతో వెళ్లవచ్చు’ అని ఒక ఆప్షన్ కనిపిస్తే, అది తప్పు.

ఈ లెక్కను రెండు చోట్ల తప్పు చేస్తారు. 14,850ని 18,500తో పోల్చి ‘లోపలే ఉంది కదా’ అనుకునేవాళ్లు కొందరు. టన్నుకు రెండు వేలు గుర్తుండి, ముందున్న ఇరవై వేలు మరిచిపోయేవాళ్లు ఇంకొందరు. పాత గైడ్లు ఇక్కడ ముంచుతాయి. 2019 సెప్టెంబరు 1కి ముందు ఈ అంకెలు రెండు వేలు, టన్నుకు వెయ్యి. గైడులో ఆ పాత అంకెలుంటే ఆ పుస్తకం పక్కన పెట్టేయండి.

ఇంకో మాట. రోడ్డు మీద అధికారి రాసే చలానా మొత్తం కేసు కోర్టుకు వెళ్లకుండా తేల్చుకోవడానికి రాష్ట్రం ఖరారు చేసుకున్న కాంపౌండింగ్ ఫీజును బట్టి ఉంటుంది. అందుకే మీ ఊళ్లో ఎవరో కట్టిన మొత్తానికీ పుస్తకంలో ఉన్నదానికీ పొంతన కుదరకపోవచ్చు. పరీక్షకు చట్టంలోని అంకె రాయండి.

కాటాకు రానని మొరాయించినా, బరువు చూపించకముందే సరుకు దింపేసినా జరిమానా ఇంకా పెద్దది, 40,000 రూపాయలు. ఓవర్‌లోడు దొరికితే యాభై వేలో లక్షో పడుతుందన్న భయంతో కాటా దగ్గర ఆపకుండా పోయే డ్రైవర్లకు ఈ సంగతి తెలియదు. మన ఉదాహరణలో కాటాకు వస్తే 26,000, పారిపోతే దానికి మించి.

‘ఓనరు వేయించాడు, నేను నడిపానంతే’ అన్న జవాబు ఎక్కడ కనిపించినా వదిలేయండి. 194వ సెక్షను నడిపినవాడినీ నడిపించినవాడినీ నడపనిచ్చినవాడినీ కలిపే పట్టుకుంటుంది. లైసెన్సు మాత్రం డ్రైవరుదే పోతుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 21వ నిబంధన ఒక జాబితా ఇస్తుంది. ఏయే పనులు చేస్తే డ్రైవరు ప్రజలకు ప్రమాదకారి అని లెక్కవేసి లైసెన్సు ఆపవచ్చో, రద్దు చేయవచ్చో అందులో ఉంటుంది. గూడ్సు బండిలో ఓవర్‌లోడు అందులో ఒకటి. అందుకే ‘ఓవర్‌లోడు వేస్తే ఏమవుతుంది?’ అన్న ప్రశ్నకు ‘శిక్ష లేదు’, ‘జరిమానా మాత్రమే’, ‘లైసెన్సు సస్పెండ్ లేదా రద్దు కావచ్చు’ అని ఇస్తే మూడోదే నొక్కాలి. ‘జరిమానా మాత్రమే’ అన్నదాంట్లో ‘మాత్రమే’ అన్న మాటే దాన్ని తప్పు చేస్తోంది.

బయటికి పొడుచుకొచ్చే సరుకు

బాడీ అంచులను ఒక పెట్టె గోడల్లా ఊహించుకోండి. సరుకు పక్కలకు ఆ గోడ దాటకూడదు, వెనక్కి దాటకూడదు, ముందుకు దాటకూడదు, అనుమతించిన ఎత్తు దాటకూడదు. నాలుగు దిక్కులూ గుర్తుండాలి. వెనక పొడుచుకొచ్చే సలాకలు మాత్రమే నేరమని చాలామంది అనుకుంటారు. కానీ అంచులు దాటి రెండు వైపులా గుమ్మటంలా పరుచుకున్న వరిగడ్డి ట్రాక్టరు కూడా ఈ నిబంధన కిందికే వస్తుంది. ఎదురుగా వచ్చే బైకుకు రోడ్డు సగం మూసుకుపోయేది దానివల్లే.

‘వెనక ఒక మీటరు దాకా ఉండవచ్చు, పగలు ఎర్ర గుడ్డ, రాత్రి ఎర్ర దీపం కట్టాలి’ అని పాత గైడ్లలో ఉంటుంది. అది ఒకప్పటి వెసులుబాటు. 2014లో కేంద్రం దాన్ని తీసేసింది. ఇప్పుడు ఎర్ర గుడ్డ కట్టడం వల్ల తప్పు ఒప్పు కాదు. 2019 సవరణలో దీనికి 194వ సెక్షను కిందే విడిగా ఒక ఉపసెక్షను పెట్టారు. జరిమానా 20,000 రూపాయలు, సరుకు దింపే ఖర్చు అదనం. ఇక్కడ టన్నుల లెక్క లేదు. బరువు హద్దులోపలే ఉన్నా పొడవు దాటితే చాలు. గాలిమర రెక్కల్లాంటి విడదీయలేని భారీ సరుకుకు సంబంధిత అధికారి ముందుగా ప్రత్యేక అనుమతి ఇస్తేనే మినహాయింపు.

ఒక గుడ్డ ముక్క ఎందుకు చాలదో ఒకసారి దగ్గరగా చూడండి. పన్నెండు మిల్లీమీటర్ల సలాకను పక్క నుంచి చూస్తే పొడవాటి గీతలా కనబడుతుంది. దాని కొన సరిగ్గా మీ కంటి వైపు తిరిగి ఉంటే కనిపించేది చొక్కా గుండీ అంత చుక్క. రాత్రి వెనక వచ్చే డ్రైవరుకు కనిపించేవి లారీ టెయిల్ ల్యాంపులు. అతను దూరం లెక్కగట్టేది వాటిని బట్టి. సలాకల కొనలు ఆ దీపాల కంటే మీటరో రెండు మీటర్లో ముందుగా, విండ్‌షీల్డు ఎత్తులో ఉంటాయి. చాలాసార్లు కొనలు కిందికి వాలి ఆ దీపాలనూ నంబరు ప్లేటునూ కప్పేస్తాయి. బండి మలుపు తిరిగేటప్పుడు పొడుచుకొచ్చిన తోక అవతలి వైపుకు విసురుగా ఊగి పక్కనున్న బైకును తగులుతుంది. బరువు వెనక ఇరుసు దాటి వేలాడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగు సరిగా పట్టదు.

ఇప్పుడు ఒక ఇంటి పని చూద్దాం. ఆరు మీటర్ల పీవీసీ పైపులు తేవాలి. పికప్ ట్రాలీ బెడ్డు పొడవు 2.6 మీటర్లు. డోరు తెరిచి పడుకోబెడితే వెనక 3.4 మీటర్లు బయటికి వస్తాయి. క్యాబిన్ మీదికి వాల్చి కట్టవచ్చా అంటే, ఇలాంటి పికప్‌ల మొత్తం పొడవే ఐదు మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. పైపు బండి కంటే పొడవు కాబట్టి ఎటు వాల్చినా ఏదో ఒక చివర దాటాల్సిందే. అడ్డంగా మూలకు మూల పెట్టినా మూడు మీటర్లకు కాస్త పైనే సరిపోతుంది. కాబట్టి షాపులోనే రెండున్నర మీటర్ల చొప్పున కోయించి ఇంటి దగ్గర కప్లర్లతో కలుపుకోవాలి, లేదా ఇరవై అడుగుల పైన బాడీ ఉన్న బండి మాట్లాడుకోవాలి. ఇనుము షాపులవాళ్లు చేసేది ఇదే. పన్నెండు మీటర్ల సలాకలను మధ్యలో వంచి ఆరు మీటర్లకు తెచ్చి, ఇరవై రెండడుగుల లారీలో డోరు మూసి పంపుతారు.

ఉద్యోగ పరీక్షలవాళ్లు ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ‘ఓవర్‌హ్యాంగ్’ అన్నది బండికే ఉండే ఒక కొలత కూడా. వెనక ఇరుసు దాటి ఛాసిస్, బాడీ ఎంత వెనక్కి ఉన్నాయన్నది అది. వీల్‌బేస్‌లో, అంటే ముందు వెనక ఇరుసుల మధ్య దూరంలో, అరవై శాతం మించకూడదన్నది ఆ నిబంధన. నాలుగు మీటర్ల వీల్‌బేస్ ఉంటే ఓవర్‌హ్యాంగ్ 2.4 మీటర్లకు లోపు. ఆ బాడీ చివర తర్వాత సరుకు బయటికి రావడం వేరే సంగతి, దానికి అనుమతి సున్నా. ప్రశ్నలో ‘వాహనం’ అని ఉందా, ‘సరుకు’ అని ఉందా అన్నది చూసి జవాబు రాయండి. అరవై శాతం చదివినవాళ్లు సరుకు ప్రశ్నకూ అదే రాసి మార్కు పోగొట్టుకుంటారు.

గూడ్సు బండిలో మనుషులు

ఇందాకటి 21వ నిబంధన జాబితాలోనే ఇది కూడా ఉంది. క్యాబిన్‌లో సీట్లకు మించి కూర్చోబెట్టినా, సరుకు బాడీలో గానీ సరుకు మీద గానీ ఎక్కించినా, కిరాయి తీసుకున్నా తీసుకోకపోయినా డ్రైవరు లైసెన్సు మీదికే వస్తుంది. ‘కిరాయి తీసుకోకపోతే తప్పు లేదు’ అన్న ఆప్షన్ ఆ కారణంగా తప్పు. ‘ఊరు దాటకపోతే’, ‘మెల్లగా నడిపితే’ అన్నవీ అంతే. 2015లో రోడ్డు భద్రతపై సుప్రీంకోర్టు నియమించిన కమిటీ ఓవర్‌లోడు, గూడ్సు బండిలో మనుషులను ఎక్కించడం రెండింటికీ కనీసం మూడు నెలలు లైసెన్సు ఆపాలని రాష్ట్రాలకు చెప్పింది.

ఫుట్‌బోర్డు, బండి టాపు, బానెట్ మీద ప్రయాణం ఏ బండికైనా నిషేధమే. అది 123వ సెక్షను. ఎక్కించిన డ్రైవరుకే కాదు, ఎక్కినవాళ్లకూ వర్తిస్తుంది.

జరిమానా లెక్క చిన్నది. క్యాబిన్‌లో డ్రైవరుతో కలిపి ముగ్గురికి సీట్లున్న డీసీఎంలో మొత్తం ఇరవై ముగ్గురున్నారనుకుంటే అదనం ఇరవై మంది. 194ఏ సెక్షను కింద ఒక్కొక్కరికి 200 చొప్పున 4,000 రూపాయలు. ఆ ఇరవై మందికి వేరే బండి చూపించేదాకా ఈ బండి కదలకూడదు. నాలుగు వేలే కదా అనిపిస్తుంది. అసలు దెబ్బ ఇన్సూరెన్సు దగ్గర పడుతుంది.

చట్టం 147వ సెక్షను ప్రకారం గూడ్సు బండిలో సరుకు యజమానికి, లేదా అతను పంపిన మనిషికి బీమా రక్షణ ఉంది. 1994 సవరణతో వచ్చింది ఇది. ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికుడికి ఆ రక్షణ లేదని 2002లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సరుకు యజమాని అయినా క్యాబిన్‌లో కూర్చుంటేనే వర్తిస్తుందని 2007లో, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసుల్లోనే చెప్పింది. అంటే తన టమాటా బుట్టలతో మార్కెట్టుకు వెళ్తున్న రైతు క్యాబిన్‌లో సీటు మీద కూర్చుంటే ఒక లెక్క, అదే రైతు బుట్టల మీద కూర్చుంటే ఇంకో లెక్క. బండి బోల్తా పడితే బుట్టల మీద కూర్చున్న రైతు ఇంటివాళ్లు పరిహారం కోసం ఓనరు వెంట తిరగాల్సి వస్తుంది. కూలీలను పొలానికి పంపేవాళ్లు, పెళ్లికి ట్రాలీ మాట్లాడేవాళ్లు ఈ ఒక్క సంగతి తెలుసుకుని ఆటోనో బస్సునో మాట్లాడుకోవాలి.

టూవీలర్ మీద

128వ సెక్షను రెండు మాటలు చెబుతుంది. నడిపేవాడు కాక ఒక్కరే ఉండాలి. ఆ ఒక్కరూ నడిపేవాడి వెనక గట్టిగా బిగించిన సీటు మీద కూర్చోవాలి. ‘టూవీలర్ మీద ఇద్దరికి మించి ఎక్కడం?’ అన్న ప్రశ్నకు ‘తప్పనిసరి పరిస్థితిలో చేయవచ్చు’, ‘ట్రాఫిక్ లేనప్పుడు చేయవచ్చు’ అన్న ఆప్షన్లు ఇస్తారు. రెండూ తప్పే. ఈ లోడు ప్రశ్నలన్నింటిలోనూ తప్పు ఆప్షన్ ఇలా ఏదో ఒక సందర్భం మాటతోనే వస్తుంది. రాత్రి కాబట్టి, దగ్గరే కాబట్టి, అత్యవసరం కాబట్టి. చట్టంలో ఈ సందర్భాలకు చోటు లేదు కనుక అలాంటి ఆప్షన్‌ను ముందే కొట్టేస్తే మిగిలినదాంట్లో జవాబు సులువుగా దొరుకుతుంది. శిక్ష 194సీ కింద 1,000 రూపాయలు, మూడు నెలలు లైసెన్సు అనర్హత.

‘చిన్నపిల్లలను లెక్కలోకి తీసుకోరు కదా’ అన్నది అందరూ అడిగే మాట. చట్టంలో ఉన్నది వ్యక్తి అన్న మాట, దానికి వయసు లేదు. భర్త నడుపుతూ, భార్య వెనక, మధ్యలో మూడేళ్ల పాప ఉంటే ముగ్గురే. ఈ తికమక హెల్మెట్ నిబంధన వల్ల వచ్చింది. 129వ సెక్షనులో హెల్మెట్ తప్పనిసరి నాలుగేళ్లు దాటినవాళ్లకు. నాలుగేళ్ల లోపు పిల్లలకు విడిగా నిబంధన పెట్టారు. పాపను నడిపేవాడికి కలిపి కట్టే సేఫ్టీ బెల్టు, తొమ్మిది నెలలు దాటితే పాప తలకు సరిపోయే హెల్మెట్, గంటకు 40 కిలోమీటర్లు దాటని వేగం. నాలుగేళ్ల అంకె హెల్మెట్‌కు సంబంధించింది, తలల లెక్కకు కాదు. స్కూటర్ ముందు ఫుట్‌బోర్డు మీద పిల్లవాడిని నిలబెట్టడం కూడా 128 ప్రకారం తప్పు. అతను వెనక సీటు మీద లేడు.

వెనక కూర్చునేవాళ్ల కోసం బండికి ఏమేం ఉండాలన్నదీ అడుగుతారు. పట్టుకోవడానికి హ్యాండ్‌గ్రిప్, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు, వెనక చక్రం సగానికి తగ్గకుండా కప్పే గార్డు. మనం చీర గార్డు అనేది అదే. కొత్త బండి కొన్నాక అందంగా లేదని దాన్ని విప్పించేస్తారు. చున్నీ, చీర కొంగు చక్రంలో చుట్టుకునేది అలాంటి బండ్ల మీదే.

ఇక స్కూటర్ మీద సరుకు. దీనికి 125వ సెక్షను చదవండి. నడిపేవాడికి బండి అదుపు చేయడంలో అడ్డం వచ్చేలా మనిషిని కూర్చోబెట్టకూడదు, వస్తువు పెట్టకూడదు. గ్యాస్ సిలిండర్ తీసుకోండి. అందులో గ్యాస్ 14.2 కిలోలు, ఇనుము బరువు కలిపితే ముప్పై కిలోల దగ్గరికి వస్తుంది. ఫుట్‌బోర్డు మీద నిలబెడితే మోకాళ్లు పక్కలకు తెరుచుకుంటాయి. ఆగేటప్పుడు కాలు కింద పెట్టడం ఆలస్యమవుతుంది. హ్యాండిల్ పూర్తిగా తిప్పబోతే సిలిండర్‌కో మోకాలికో తగులుతుంది. బండి ఎక్కకముందే, స్టాండు మీద ఉండగా హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడండి. ఎక్కడైనా తగిలితే, లేదా రెండు పాదాలూ నేరుగా నేలకు అందకపోతే ఆ వస్తువు ఆ బండి మీద పోకూడదు. పరీక్షలో ఈ ప్రశ్న ‘డ్రైవరు అదుపుకు అడ్డం వచ్చేలా సామాను పెట్టడం’ అన్న మాటలతో వస్తుంది. సామాను ఎంత చిన్నదన్నది అందులో అడగరు.